ఇరవై నాలుగా, ఐదా? దుగ్గిరాల పసుపుకి ఎన్ని లాట్లు అమ్మాలి

*నాకు దుగ్గిరాల కోల్డ్ స్టోరేజీలో 120 టన్నుల పసుపు కొమ్ములున్నాయి. జూలై ఆఖరుకి అమ్ముదామని ఆగాను. ఈలోగా రేటు పడిపోతుందేమోనని టెన్షన్. బ్రోకరేమో సరుకుల ఎక్స్ఛేంజ్ ఎన్‌సీడీఈఎక్స్‌లో 24 లాట్ల ఫ్యూచర్స్ అమ్మి హాయిగా నిద్రపోండి అంటున్నాడు. ఎంబీఏ చదివే మా అబ్బాయి ఎక్సెల్‌లో లెక్కేసి, కోరిలేషన్ 0.96 వచ్చింది, బ్రోకర్ మాటే కరెక్టు అన్నాడు. వారం తిరక్కుండానే, రోజువారీ మార్పులతో చేస్తే 5 లాట్లు చాలంటున్నాడు. మూడేళ్ల రేట్ల షీటు పంపుతున్నాను. ఎవరి మాట వినాలి?*

*ఒక పసుపు వ్యాపారి, దుగ్గిరాల*

పదిహేడు. మీ షీటుతో నాకు తేలిన అంకె అది. పద్నాలుగు నుంచి ఇరవై దాకా ఎక్కడ ఆగినా పెద్ద తేడా రాదు, అదెందుకో కింద చూపిస్తాను. బ్రోకర్ చెప్పిన 24లో ఒక తప్పుంది, మీ అబ్బాయికి వచ్చిన 5లో ఇంకో తప్పుంది. ఆ రెండూ అర్థమైతే పదిహేడు ఎక్కడి నుంచి వచ్చిందో దానంతటదే తెలుస్తుంది.

ఫ్యూచర్స్ అమ్మడమంటే రాబోయే నెలకి ఇచ్చే సరుకుకి ఇవాళే రేటు కట్టుకోవడం. రేటు పడితే అందులో వచ్చే లాభం సరుకు మీద నష్టాన్ని పూడుస్తుంది. బ్రోకర్‌ది టన్నుకు టన్ను లెక్క. లాటు 5 టన్నులు, సరుకు 120 టన్నులు, భాగిస్తే 24. కాంట్రాక్టు మీ సరుకు మీదే ఉండుంటే దానికి వంక పెట్టలేం. కానీ ఆ కాంట్రాక్టుకి ఆధారం నిజామాబాద్ కొమ్ము. పైగా స్క్రీన్ మీద రేటు, అంటే ఎక్స్ఛేంజ్‌లో ఆ కాంట్రాక్టు ధర, ఒక్క నిజామాబాద్‌ని చూసే కదలదు. హింగోలి వైపు వానలెలా ఉన్నాయి, సాంగ్లీకి ఎంత సరుకు వస్తోంది, ఈరోడ్‌లో కొనేవాళ్లెవరు, ఈ ఏడు విత్తనం ఎంత పడుతుంది అన్న ఊహాగానాలన్నీ అందులో కలుస్తాయి. దుగ్గిరాల యార్డు రేటు కూడా చివరికి ఆ దారిలోనే నడుస్తుంది గానీ, నెమ్మదిగా నడుస్తుంది, కాస్త తక్కువగా ఊగుతుంది, అప్పుడప్పుడూ తన సొంత కారణాలతో పక్కకి జరుగుతుంది. మీ సరుకు స్క్రీన్ కంటే తక్కువ ఊగుతుంటే దానికి కాపలాగా టన్నుకు టన్ను పెట్టడమంటే అవసరానికి మించి అమ్మడమే.

ఎంత మించిందో తెలియాలంటే మూడు అంకెలు కావాలి. మీ రేటు ఎంత ఊగుతుంది, ఫ్యూచర్స్ రేటు ఎంత ఊగుతుంది, రెండూ ఎంత కలిసి ఊగుతాయి. మొదటి రెండూ స్టాండర్డ్ డీవియేషన్లు, మూడోది కోరిలేషన్. మీ షీటులో నాలుగు వారాలకొకసారి శుక్రవారం రేటు తీసుకుని, అప్పటికీ ఇప్పటికీ ఎంత శాతం మారిందో చూశాను. మూడేళ్లలో అలాంటి మార్పులు 39 దొరికాయి. దుగ్గిరాల కొమ్ము నాలుగు వారాల్లో ఊగింది 5.4 శాతం, ఫ్యూచర్స్ ఊగింది 6.2 శాతం, రెండింటి మధ్య కోరిలేషన్ 0.88.

ఇప్పుడు సూత్రం జోలికి పోకుండా రూపాయల్లో చూద్దాం. క్వింటా 12,500 చొప్పున మీ 1,200 క్వింటాళ్ల విలువ కోటిన్నర. అందులో 5.4 శాతం అంటే 8 లక్షల 10 వేలు. నాలుగు వారాల్లో మీ సరుకు విలువ మామూలుగా అటో ఇటో అంత కదులుతుంది. ఒక లాటు 50 క్వింటాళ్లు. ఆగస్టు కాంట్రాక్టు 13,600 దగ్గర ఉందన్నారు కాబట్టి లాటు విలువ 6 లక్షల 80 వేలు, అందులో 6.2 శాతం దాదాపు 42 వేలు. మీ 8.10 లక్షల ఊపుని 42 వేల ఊపుతో భాగిస్తే 19 లాట్ల చిల్లర. రెండూ ఎప్పుడూ అచ్చంగా కలిసే కదిలితే సమాధానం అదే. అలా కదలడం లేదు కాబట్టి 0.88తో గుణించాలి. 16.9 వస్తుంది.

ఎంబీఏ పుస్తకంలో మీ అబ్బాయికి ఇదే ఇలా కనిపిస్తుంది:

```
h = ρ × σS / σF = 0.88 × 5.4 / 6.2 = 0.766
N = h × (సరుకు విలువ / లాటు విలువ)
  = 0.766 × 1,50,00,000 / 6,80,000 = 16.9
```

కోరిలేషన్‌తో ఎందుకు గుణించాలో మీ అబ్బాయి అడుగుతాడు. అమ్మే ప్రతి లాటూ రెండు పనులు చేస్తుంది. స్క్రీన్‌తో కలిసి కదిలే మీ రేటు ఊపుని కొంత కొట్టేస్తుంది. మీ పసుపుతో సంబంధం లేని స్క్రీన్ సొంత ఊపుని కొంత మీ నెత్తిన పెడుతుంది. మొదటి కొన్ని లాట్లలో కొట్టేసేదే ఎక్కువ. లాట్లు పెరిగేకొద్దీ నెత్తిన పడేది ఎక్కువవుతుంది. ఆ రెండూ సరిసమానమయ్యే చోట ఆగాలి. ఆ చోటే 0.766. దీన్నే కనిష్ఠ వ్యత్యాస హెడ్జ్ నిష్పత్తి అంటారు. 1960లో లేలాండ్ జాన్సన్ అనే ఆర్థికవేత్త సరుకు వ్యాపారుల గురించి ఈ ఆలోచన రాశారు. 1979లో లూయీ ఎడరింగ్టన్ అమెరికా వడ్డీ రేట్ల ఫ్యూచర్స్ మీద దాన్ని పరీక్షించి చూపించారు. అంటే ఇది మన బ్రోకర్ పుట్టకముందు నుంచీ ఉన్న లెక్కే కావచ్చు!

ఇక మీ అబ్బాయి 0.96 సంగతి. అతను రేట్లనే పక్కపక్కన పెట్టి కోరిలేషన్ తీశాడు. తీయాల్సింది రేట్ల మార్పులకి. మీ అబ్బాయి ఎత్తునీ బంగారం రేటునీ ఏడాదికొక అంకె చొప్పున పదిహేనేళ్లకి రాసి కోరిలేషన్ తీయండి, 0.9 పైనే వస్తుంది. రెండూ పెరిగాయి, అంతే. బంగారం రేటు తగ్గితే అబ్బాయి పొట్టివాడు కాడు కదా. పసుపులోనూ 2023లో రేటు కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటింది. అలాంటి పెద్ద ఎక్కుడు ఒక్కటి షీటులో ఉంటే, మిగతా అన్ని వారాల్లో ఏం జరిగినా అదొక్కటే కోరిలేషన్‌ని 0.95 పైకి లాగేస్తుంది. మీకు కావాల్సిన ప్రశ్న వేరు: వచ్చే కొన్ని వారాల్లో స్క్రీన్ వంద రూపాయలు పడితే నా సరుకు ఎంత పడుతుంది? దానికి జవాబు మార్పుల్లోనే ఉంటుంది.

మార్పులు తీసుకోమన్నాను కదా, మరి రోజువారీ మార్పులతో వచ్చిన 5 లాట్లు ఎందుకు కాదు? ఈ ముక్క దగ్గరే ఎక్కువమంది బోల్తా కొడతారు, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మీ షీటులో దుగ్గిరాల కాలమ్‌ని ఒకసారి కళ్లతో చూడండి. 12,400, 12,400, 12,400, ఆ తర్వాత ఒక్కసారిగా 12,750. ఆ మూడు రోజుల్లో స్క్రీన్ మాత్రం 180 పెరిగి, 60 తగ్గి, మళ్లీ 210 పెరిగింది. యార్డులో సరుకు తక్కువగా వచ్చిన రోజు నిన్నటి రేటే మళ్లీ రాసేస్తారు. సెలవు రోజు అసలు రేటే ఉండదు, షీటు తయారుచేసినవాళ్లు పాతది కిందికి లాగి నింపుతారు. వచ్చిన రోజున కూడా పాట పొద్దున్నే అయిపోతుంది, స్క్రీన్ ముగింపు ధర సాయంత్రం ఐదుకి. మధ్యాహ్నం తర్వాత జరిగినదంతా మీ యార్డు రేటులో మర్నాటికి గాని కనబడదు. కాబట్టి ఒకే రోజు రెండు కాలమ్‌లని పక్కన పెట్టి చూస్తే అవి ఒకదానికొకటి తెలియనట్టే ఉంటాయి. నిజానికి తెలుసు, ఒకటి ఆలస్యంగా వింటుంది.

ఆ ఆలస్యం లెక్కలో ఎలా కనబడుతుందంటే: రోజువారీ మార్పులతో కోరిలేషన్ 0.35, ఊపులు 0.9, 1.4 శాతం, నిష్పత్తి 0.225, అంటే 5 లాట్లు. అదే షీటులో వారానికొకసారి చూస్తే కోరిలేషన్ 0.74 అవుతుంది, 12 లాట్లు వస్తాయి. నాలుగు వారాలకి 17. సరుకూ అదే, కాంట్రాక్టూ అదే, మారింది చూసే ఎడం ఒక్కటే. మీరు సరుకుని రేపు పొద్దున అమ్మడం లేదు, పన్నెండు వారాలు ఉంచుతున్నారు. పన్నెండు వారాల్లో ఈ ఒకరోజు ఆలస్యాలన్నీ సర్దుకుపోతాయి. అందుకే సరుకు ఎంతకాలం ఉంచుతారో, రేట్ల మార్పుని కూడా వీలైనంత వరకు అంత ఎడంతో చూడాలి.

అలాగైతే నేరుగా పన్నెండు వారాల మార్పులే తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. తీసుకుంటే మూడేళ్లకి పదమూడే అంకెలొస్తాయి. పదమూడు అంకెల్లో ఒక్క 2023 ఎక్కుడే మొత్తం లెక్కని తన వైపు తిప్పేసుకుంటుంది. నాలుగు వారాలనేది ఒక రాజీ. నన్నడిగితే అసలు అంకె పదిహేడు కంటే ఒకటి రెండు పైనే ఉంటుందని అనుమానం, ఎందుకంటే ఎడం పెరిగేకొద్దీ నిష్పత్తి పైకే పోతోంది. మీకు 18 అమ్మాలనిపిస్తే నేను అడ్డు చెప్పను.

ఎక్సెల్‌లో మళ్లీ చేసేటప్పుడు కోరిలేషన్, డీవియేషన్లు విడివిడిగా తీయక్కర్లేదు, ఒక్క సూత్రం చాలు. D కాలమ్‌లో దుగ్గిరాల మార్పులు, E కాలమ్‌లో ఫ్యూచర్స్ మార్పులు అనుకుంటే:

```
=SLOPE(D2:D40, E2:E40)
=CORREL(D2:D40, E2:E40)
```

మొదటిది నేరుగా 0.766 ఇస్తుంది. కాలమ్‌ల వరస మాత్రం జాగ్రత్త. E ముందు, D తర్వాత రాస్తే ఎక్సెల్ ఏ ఫిర్యాదూ చేయదు, 1.01 ఇచ్చి ఊరుకుంటుంది. చూడటానికి అది భలే నమ్మకంగా ఉంటుంది, టన్నుకు టన్ను లాగే ఉంది కదా అని. ఏళ్ల క్రితం ఒక నూనె మిల్లు కోసం లెక్క వేస్తూ నేనే ఈ పొరపాటు చేశాను. రెండు నెలల తర్వాత గానీ బయటపడలేదు. అప్పటి నుంచీ ఒక అలవాటు చేసుకున్నాను. SLOPE కోరిలేషన్ కంటే పెద్దగా వస్తే, మన సరుకు స్క్రీన్ కంటే ఎక్కువ ఊగుతోందని అర్థం. యార్డు సరుకులో అది అరుదు. అలా వచ్చినప్పుడు ముందు కాలమ్‌ల వరసనే అనుమానిస్తాను.

ఫ్యూచర్స్ కాలమ్‌లో ఇంకో మాయ ఉంటుంది. మీరు పంపిన షీటులో దగ్గరి నెల కాంట్రాక్టు రేటునే మూడేళ్లూ వరసగా అతికించారు. 20వ తేదీ ప్రాంతంలో ఒక నెల ముగిసి ఇంకో నెల మొదలైనప్పుడు రేటు 300, 400 ఎగిరినట్టు కనబడుతుంది. నిజానికి మార్కెట్లో ఎవరూ ఎగరలేదు, మీరు ఒక కాంట్రాక్టు వదిలి ఇంకోదాన్ని చూడటం మొదలుపెట్టారు. ఆ దొంగ ఎగురుళ్లు స్క్రీన్ ఊపుని పెంచుతాయి, కోరిలేషన్‌ని తగ్గిస్తాయి, రెండు వైపుల నుంచీ నిష్పత్తిని కిందికి లాగుతాయి. నేను ప్రతి మార్పునీ ఒకే కాంట్రాక్టు లోపల తీసుకునేలా సరిచేశాకే 0.88 వచ్చింది. మీ షీటు అలాగే వాడితే 0.79 వచ్చింది. ఇది పట్టుకోవడం తేలిక: ఫ్యూచర్స్ మార్పుల్లో అన్నిటికంటే పెద్దవి ఐదింటిని ఏరి, వాటి తేదీలు చూడండి. మూడు నాలుగు 20వ తేదీ చుట్టూనే ఉంటే అతుకు దగ్గర తేడా ఉన్నట్టే.

శాతాలు ఎందుకు వాడానో కూడా ఒక్క మాట. 7,000 రేటప్పుడు 300 కదలడం వేరు, 14,000 రేటప్పుడు 300 కదలడం వేరు. మూడేళ్ల షీటులో రెండు కాలాలూ ఉన్నప్పుడు రూపాయల మార్పులు కలిపేస్తే రేటు ఎక్కువున్న నెలలే లెక్కంతా నడుపుతాయి. రేటు పెద్దగా మారని ఏడాదిలోనైతే రూపాయలతో చేసినా ఫర్వాలేదు. శాతాలతో చేసినప్పుడు మాత్రం సరుకు టన్నులని లాటు టన్నులతో కాకుండా, సరుకు విలువని లాటు విలువతో భాగించాలి, పైన చేసినట్టు. 0.766ని నేరుగా 24తో గుణిస్తే 18.4 వస్తుంది, అది తప్పు. మీ క్వింటా 12,500, స్క్రీన్ మీద క్వింటా 13,600. ఖరీదైన లాటు ఒక్కోటీ కాస్త ఎక్కువ పని చేస్తుంది, కాబట్టి తక్కువ లాట్లు చాలు.

పద్నాలుగైనా ఇరవైయైనా ఫర్వాలేదని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. అసలు ఏమీ అమ్మకపోతే నాలుగు వారాల ఊపు 8.10 లక్షలు. 17 అమ్మితే మిగిలేది 3.85 లక్షలు. 14 అమ్మినా, 20 అమ్మినా 4 లక్షల పైన కొద్దిగా, అంతే. 24 అమ్మితే 4.90 లక్షల దగ్గర. అడుగు వెడల్పుగా ఉన్న గిన్నెలో గోళీ వేస్తే నడిమధ్యన కాకుండా కాస్త పక్కన ఆగినా ఎత్తు పెద్దగా మారదు, అలాంటిదే ఇది. ఇంకో కారణం కూడా ఉంది. 39 అంకెల నుంచి తీసిన నిష్పత్తి రాయి మీద గీత కాదు. దాని అంచనాలోనే అటూ ఇటూ మూడేసి లాట్ల తేడా ఉంది, అంటే నిజమైన అంకె 14 నుంచి 20 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. 16.9ని 17 చేయాలా 16 చేయాలా అని బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు.

ఇక్కడే ఒక చేదు నిజం. కోరిలేషన్ 0.88 అనగానే ప్రమాదంలో 88 శాతం పోయిందనుకుంటారు. దాని వర్గం 0.77 చూసి 77 శాతం పోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. పుస్తకాలు చెప్పేది ఆ రెండోదే, కానీ అది వ్యత్యాసం మీద, అంటే ఊపు వర్గం మీద లెక్క. మీ జేబుకి తెలిసేది రూపాయల ఊపు. అది 8.10 నుంచి 3.85కి, సగానికి కాస్త ఎక్కువే తగ్గింది. పన్నెండు వారాలకైతే 14 లక్షల ఊపు 6.70 లక్షల దగ్గరికి వస్తుంది. పోయేది సగం చిల్లర, మిగిలేది సగానికి దగ్గర. “అమ్మి హాయిగా నిద్రపోండి” అన్న మాట అందుకే నాకు నచ్చలేదు.

రెండు ఊహలతో చూద్దాం. జూలై ఆఖరుకి స్క్రీన్ 13,600 నుంచి 11,800కి, దుగ్గిరాల 12,500 నుంచి 11,000కి పడిందనుకోండి. సరుకు మీద 18 లక్షలు పోతుంది. 17 లాట్లు, అంటే 850 క్వింటాళ్ల మీద 1,800 చొప్పున 15.30 లక్షలు వస్తుంది. చివరికి నష్టం 2.70 లక్షలు. 24 లాట్లు అమ్మి ఉంటే 21.60 లక్షలు వచ్చి, 3.60 లక్షల లాభంతో బయటపడతారు. 5 లాట్లయితే నష్టం 13.50 లక్షలు. ఈ ఒక్క ఊహ దగ్గరే ఆగితే బ్రోకరే గెలిచినట్టు.

ఇప్పుడు రెండో ఊహ. స్క్రీన్ 15,600కి ఎక్కింది, దుగ్గిరాల 13,900కే ఎక్కింది. సరుకు మీద 16.80 లక్షలు లాభం. 17 లాట్ల మీద 17 లక్షలు నష్టం, మొత్తం మీద 20 వేలు పోయింది, ఏమీ జరగనట్టే. 24 లాట్లయితే 24 లక్షలు నష్టం, చివరికి 7.20 లక్షలు చేతి నుంచి పోతుంది, అదీ మీ పసుపు రేటు పెరిగిన ఏడాదిలో. 5 లాట్లయితే 11.80 లక్షల లాభం. 17 దగ్గర ఫలితం 2.70 లక్షల నష్టానికీ దాదాపు సున్నాకీ మధ్య ఉంది. 24 దగ్గర పడితే లాభం, ఎక్కితే నష్టం: అంటే మిగిలిన ఏడు లాట్లు రేటు పడుతుందని కాసిన పందెం. పందెం కాయాలనుంటే కాయండి, కానీ దాన్ని హెడ్జింగ్ అనకండి.

అసలు రేటు ఎక్కితే లాభం ఎందుకు వదులుకోవాలి అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. ఈ నిష్పత్తికి ఆ ప్రశ్న తెలియదు. అది ఊపుని తగ్గించడం ఒక్కటే చూస్తుంది, రేటు ఎటు పోతుందో దానికి అనవసరం. పెరుగుతుందని మీకు గట్టి నమ్మకం ఉంటే తక్కువ లాట్లు అమ్మండి, కానీ అది మీ నమ్మకం ఖరీదు అని తెలిసి అమ్మండి.

నిద్ర చెడగొట్టేది చాలామందికి నిష్పత్తి కాదు, మార్జిన్ డబ్బు. రేటు పెరిగితే సరుకు మీద వచ్చిన లాభం కోల్డ్ స్టోరేజీ బస్తాల్లోనే ఉంటుంది, ఫ్యూచర్స్ మీద నష్టం మాత్రం ఏ రోజుకారోజు నగదుగా కట్టాలి. 17 లాట్లున్నప్పుడు స్క్రీన్ వెయ్యి రూపాయలు ఎక్కితే 8.50 లక్షలు, 24 ఉంటే 12 లక్షలు, అదీ మొదట కట్టే మార్జిన్ కాకుండా. ఆ డబ్బు సమయానికి లేకపోతే బ్రోకర్ మీ లాట్లు కొనేసి తీసేస్తాడు, సరిగ్గా రేటు పైన ఉన్నప్పుడు. ఆ మర్నాడే రేటు తిరిగి పడితే నష్టం రెండు వైపులా మీదే. మీ నగదు 12 లాట్లకే సరిపోతుందనుకుంటే 12 అమ్మండి. పూర్తి కాపలా పెట్టి మధ్యలో ఎత్తేయడం కంటే సగం కాపలా చివరిదాకా ఉండటం మేలు.

మీ 120 టన్నుల్లో కాయలు కూడా కలిసి ఉంటే వాటికి ఈ 0.766 పనికిరాదు. యార్డులో కాయల రేటు విడిగానే రాస్తారు కాబట్టి ఆ కాలమ్‌తో మళ్లీ లెక్కేసి, రెండింటి లాట్లూ కలపండి.

కాంట్రాక్టు విషయంలో, సరుకు అమ్మే తేదీ తర్వాత ముగిసేదే తీసుకోండి. మీకు ఆగస్టు సరిపోతుంది. అలాగని ఆగస్టు నెలలోకి దాన్ని మోసుకెళ్లకండి. ఇది డెలివరీ ఇచ్చి తీరాల్సిన కాంట్రాక్టు. గడువు దగ్గర పడ్డాక అమ్మకం మిగిలి ఉంటే, ఎక్స్ఛేంజ్ ఒప్పుకున్న గోదాములో, వాళ్ల ప్రమాణానికి తగ్గ సరుకు చూపించాలి. దుగ్గిరాల కోల్డ్ స్టోరేజీ రసీదు అక్కడ చెల్లదు.

జూలైలో మీరు ఒక్కరోజే 120 టన్నులూ అమ్మరు, ఎటూ లారీ లారీగా పోతుంది. 17 లాట్లు 120 టన్నులకి కాబట్టి ఒక లాటు ఏడు టన్నులకి కాపలా. ఏడు టన్నులు యార్డులో అమ్ముడుపోయిన ప్రతిసారీ, అదే రోజు సాయంత్రం ఐదులోపు ఒక లాటు తిరిగి కొనేయండి. రేపు రేటు ఇంకా పడుతుందేమో, అప్పుడు కొందాం అని ఆగితే ఆ లాటు కాపలాగా ఉండటం మానేస్తుంది. నెలకొకసారి మీ అబ్బాయి చేత కొత్త నాలుగు వారాల మార్పు షీటులో చేర్పించి SLOPE మళ్లీ చూడమనండి. 0.766 కాస్తా 0.72 అయినా 0.80 అయినా లాట్లు మార్చకండి. 0.6 కిందికి జారితే మాత్రం, ముందు ఆ నెల యార్డు కాలమ్‌లో ఒకే రేటు ఎన్నిసార్లు వరసగా వచ్చిందో లెక్కపెట్టి, అప్పుడు నాకు రాయండి.